కాఫీ తాగాక ఒక మాట

నలుగురిలో నోరు విప్పని అబ్బాయి. రెండేళ్లుగా తెలిసిన అమ్మాయిని పెళ్లికి అడగాలి. హోటల్లో కేకులు, చప్పట్లు అతనికి పడవు. ఇల్లే నయం.

ఆదివారం సాయంత్రం ఆమె కాఫీకి వచ్చే వేళ చూసుకోవాలి. పక్కగదిలో ఎవరైనా చెవులు రిక్కించుకుని ఉంటే ఆమె మనసులో మాట చెప్పలేదు. ఇంట్లోవాళ్లు బయటికెళ్లిన గంటే మంచిది. టీవీ కట్టేసి, పక్కపక్కన కూర్చుంటే తడబాటు తగ్గుతుంది. కప్పులు కింద పెట్టాక మొదలుపెట్టాలి. బట్టీ పట్టిన ప్రసంగం మధ్యలో తెగిపోతుంది. నాలుగే వాక్యాలు చాలు, చీటీ చూసి చదివినా తప్పులేదు.

“నాకు ఎక్కువ మాట్లాడటం రాదు. నాన్నకి ఆపరేషన్ అయిన రోజు ఆస్పత్రి వరండాలో ఏమీ అడక్కుండా సాయంత్రందాకా నా పక్కనే కూర్చున్నావు. జీవితమంతా నీ పక్కనే ఉండాలని ఆ రోజే అనుకున్నా. నన్ను పెళ్లి చేసుకుంటావా?”

రెండో వాక్యంలో నిజంగా జరిగిందే ఉండాలి. మిగతా బరువంతా అదే మోస్తుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. అడిగాక ఆగాలి. జవాబు ఆలస్యమైందని కంగారుపడి ‘ఊరికే అన్నాలే’ అంటే అంతా వృథా. ఆలోచించుకుంటానంటే, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకోవాలో ఆమెనే చెప్పమనాలి. అప్పటిదాకా ఆ ఊసెత్తకూడదు. ఆమె సరేనన్నాకే పెద్దవాళ్లకు కబురు.