గంటల మూట అమ్మకండి

ఈ మధ్య హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు చేసే ఫ్రీలాన్సర్ల సమావేశంలో ఒక వక్త చెప్పిన మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. సైట్ అప్పగించిన రోజే క్లయింట్ ముందు నెలవారీ ఒప్పందం పెట్టెయ్యాలట. నెలకు ఇరవై గంటలు, గంట రేటులో పది శాతం తగ్గింపు. కుర్రాళ్లందరూ తలలూపుతూ రాసుకున్నారు. వాళ్లను ముంచే సలహా ఇది.

లెక్క చూడండి. గంటకు 600 చొప్పున సైట్ చేశారు. ఇరవై గంటలకు 12,000, తగ్గింపు పోగా 10,800. అంటే అదే పని తక్కువకు చేస్తూ, పిలిచినప్పుడల్లా పలుకుతానని మాట కూడా ఇస్తున్నారు. అందుబాటులో ఉండటానికి అదనంగా తీసుకోవాల్సింది పోయి ఎదురు మనమే తగ్గించుకోవడమేమిటి?

అసలు తంటా రెండో నెలలో మొదలవుతుంది. రాజమండ్రిలో ఆవకాయ, గోంగూర పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ ఉన్నారనుకోండి. మొదటి నెల ఎనిమిది గంటల పనే పడింది. "బాబూ, పోయిన నెల పన్నెండు గంటలు మిగిలాయి కదా, వాటితో హోల్‌సేల్ వాళ్లకి వేరే పేజీ చేసిపెట్టు" అంటారు. ఆవిడ తప్పేం లేదు. గంటలు అమ్మారు, ఆవిడ గంటలు అడుగుతున్నారు. కొత్త పచ్చళ్ల సీజన్ రాగానే ముప్పై రెండు గంటలూ ఒకే వారంలో మీద పడతాయి. పని లేని నెల వస్తే, ఏం చేశావని 10,800 అన్న ప్రశ్న వస్తుంది. ఇలాంటి ఒప్పందాలు నాలుగో నెల చూడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

గంటల లెక్క పనితనాన్నే శిక్షిస్తుంది. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయింది, సైట్‌లో ఆర్డర్ మాత్రం Pending payment దగ్గరే ఆగిందనుకోండి. సైట్ కట్టినవాడు WooCommerce > Status > Logs తెరిచి చూస్తాడు. పేమెంట్ గేట్‌వే పంపే కబురును కొత్తగా అప్‌డేట్ అయిన సెక్యూరిటీ ప్లగిన్ అడ్డుకుంటోందని పది నిమిషాల్లో పట్టేస్తాడు. కొత్తవాడికి రెండు రోజులు పట్టొచ్చు. పది నిమిషాలకు వంద రూపాయలు, రెండు రోజులకు వేలా?

మన ఊళ్లలో జీఎస్‌టీ రిటర్నులు వేసే ట్యాక్స్ కన్సల్టెంట్లు ఇంతకంటే తెలివైనవాళ్లు. నెలనెలా దాఖలు చేసే వ్యాపారికి 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ వెళ్లిపోవాలి. నెలకింత అని తీసుకుంటారు. ఎన్ని గంటలు కూర్చున్నావని ఏ కొట్టు యజమానీ అడగడు. తేదీకి పని జరిగిందా లేదా, అంతే. ఇది మన కళ్ల ముందే ఉండగా, ఎక్కడివో స్లైడ్లు పట్టుకొచ్చి గంటల మూటలు కట్టిస్తారెందుకు?

"మెయింటెనెన్స్ తీసుకోకపోతే సైట్ హ్యాక్ అవుతుంది" అని భయపెట్టే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. అది వ్యాపారం కాదు, బెదిరింపు.

అప్పగించిన రోజున క్లయింట్‌కు ఖర్చు తప్ప ఇంకేం కనపడదు. నెలన్నర ఆగండి. ఈలోగా ఆ పచ్చళ్లావిడ పంపిన వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఒక కాగితం మీద వేయండి. ధరలు మార్చమన్నవి, ఆగిపోయిన ఆర్డర్లు, కొరియర్ ఛార్జీలు, కొత్త ఫొటోలు. మళ్లీ మళ్లీ వచ్చేవి ఒక పక్క, హోల్‌సేల్ పేజీలాంటి కొత్త కోరికలు ఇంకో పక్క పెట్టండి. మొదటి పక్కే నెలవారీ పని. ఆ కాగితం చూపించి ఇలా అడగండి: "అమ్మా, ఇవి ప్రతి నెలా వస్తున్నాయి. ప్రతి సోమవారం ఒక టెస్ట్ ఆర్డర్ వేసి డబ్బు సరిగ్గా పడుతోందో చూస్తాను. ధరల మార్పు మర్నాటికల్లా అయిపోతుంది. అప్‌డేట్లు ముందు కాపీ సైట్‌లో పరీక్షించాకే అసలు దాంట్లో పెడతాను. నెలకు 6,000, ఒకటో తేదీన ముందుగా ఇవ్వాలి. కొత్త పేజీలకు వేరే కొటేషన్." మొదట మూడు నెలలకే రాసుకోండి. మానుకోవాలంటే ఎవరైనా పదిహేను రోజుల ముందు చెబితే చాలు.

ధర ఎంతన్నది ఆ కొట్టు అమ్మకాలను బట్టి, మీ ఊరిని బట్టి మారుతుంది. దానికి సూత్రమేదీ నా దగ్గర లేదు. కానీ ఐదు పేజీల ఫంక్షన్ హాల్ సైట్‌కు మాత్రం నెలవారీ అడగకండి. ఏడాదంతా అందులో మారేది ఫోన్ నంబరైతే అదే ఎక్కువ. డొమైన్, హోస్టింగ్ రెన్యువల్ చూసిపెట్టినందుకు ఏడాదికోసారి బిల్లు వేయండి.

పచ్చళ్లావిడ వద్దంటే పిలిచినప్పుడల్లా పనికింత అని తీసుకుని, కాగితం మీద రాస్తూ ఉండండి. సీజన్ అయ్యాక అదే కాగితం ఇంకోసారి చూపించండి.