పంపే ముందు చివరి చూపు ఎవరిది?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. నా తెలుగులో తప్పులు కనిపిస్తే సర్దుకుని విషయం చూడండి.

ఈమధ్య కలెక్టరాఫీసుకైనా, బ్యాంకుకైనా, చేనేత శాఖకైనా అర్జీతోబాటు పవర్‌పాయింట్ స్లయిడ్లు కూడా పంపుతున్నాం. మన పిల్లలు చక్కగా చేస్తున్నారు. కానీ చేసినవాళ్ళే రాత్రి పదకొండింటికి ఒకసారి తిప్పి చూసి పంపేస్తున్నారు. ఇది మానాలంటాను. చివరి చూపు స్లయిడ్లు చేసినవాళ్ళది కాకూడదు. చేసినవాడి కన్ను తాను రాయాలనుకున్నదాన్ని చూస్తుందిగానీ, రాసినదాన్ని చూడదు.

మొదట పేర్లు. కంప్యూటరు స్పెల్లింగ్ చూస్తుంది కదా అంటారు. దానికి అత్తిమంజేరిపేట తెలియదు, పళ్ళిపట్టు తెలియదు. ఇంగ్లీషులో సరిగ్గా రాసినా ఎర్రగీతే, తప్పు రాసినా ఎర్రగీతే. అందుకని మనవాళ్ళు ఎర్రగీతను పట్టించుకోవడమే మానేశారు. ఇంకో ప్రమాదం గీత పడని తప్పు. మనది తిరువళ్ళూరు జిల్లా. తంజావూరు పక్కన ఉన్నది తిరువారూరు. రెండూ నిజమైన పేర్లే, ఇంగ్లీషులో రెండుమూడు అక్షరాలే తేడా. రైల్వేలో తిరువళ్ళూరుకు TRL, తిరుత్తణికి TRT, తిరువారూరుకు TVR అని వేరువేరు కోడ్లు పెట్టింది ఇలాంటి గొడవ రాకుండానే. కాబట్టి ఊళ్ళు, మనుషులు, ఆఫీసుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, రేషన్ కార్డో ప్రభుత్వ ఉత్తర్వో పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే వేలు పెట్టి చూడాలి. ఒక పేరును స్లయిడ్లన్నిట్లో ఒకే రకంగా రాయాలి.

తరవాత అంకెలు. పాత అట్ట టికెట్ల కాలంలో బుకింగ్ ఆఫీసులో షిఫ్ట్ ముగిసేటప్పుడు పెట్టెలో డబ్బు ఒక్కటే లెక్కపెట్టేవాళ్ళం కాదు. ప్రతి ఊరి టికెట్ల వరసలో మొదటి నంబరు, చివరి నంబరు రాసి, ఎన్ని అమ్ముడుపోయాయో తేల్చి, ఎంత డబ్బు ఉండాలో అటువైపు నుంచి లెక్క కట్టేవాళ్ళం. రెండు వైపులా ఒకటే వస్తే గానీ సంతకం పెట్టం. స్లయిడ్లకూ అదే పద్ధతి. మొన్న మగ్గాల షెడ్ల కోసం తయారైన స్లయిడ్లనే తీసుకుందాం. అసలు అంకెలు ఇక్కడ రాయను, అర్థం కావడానికి వేరే అంకెలు వేసి చెప్తాను. మూడో స్లయిడ్‌లో మొత్తం మగ్గాలు 412. తొమ్మిదో స్లయిడ్‌లో 421. ఏది సరి? అదే స్లయిడ్‌లో చేతిమగ్గాలు 96, పవర్‌లూములు 316 అని విడివిడిగా ఉంది. కూడితే 412. అంటే తొమ్మిదో దాంట్లో అంకెలు తారుమారయ్యాయి. పద్నాలుగో స్లయిడ్‌లో చేతిమగ్గానికి 25 వేల చొప్పున 2.4 లక్షలు కావాలని అడిగారు. 96ని 25 వేలతో గుణిస్తే వచ్చేది 24 లక్షలు. ఒక చుక్క పడితే అడిగేది పదోవంతు అయిపోయింది. అది మంజూరైతే మిగతాదానికి మళ్ళీ ఎవరిని అడుగుతాం?

ఇవన్నీ కంటికి కనిపించే తప్పులు. కనిపించనివి ఇంకా పెద్దవి.

మన స్లయిడ్లలో రెండు దాచి ఉంచినవి ఉన్నాయి. Hide Slide నొక్కితే స్లయిడ్ షోలో అది రాదు, అంతేగానీ ఫైల్లోంచి పోదు. ఎడమవైపు వరసలో దాని నంబరు మీద అడ్డగీత ఉంటుంది, బొమ్మ మసకగా ఉంటుంది. అందుకున్నవాళ్ళు దాన్ని మామూలుగానే చదువుకోవచ్చు. పీడీఎఫ్ చేశాం కదా అనీ ధీమాగా ఉండకూడదు. Options లో Include hidden slides దగ్గర టిక్ ఉంటే అవీ పేజీలుగా వచ్చేస్తాయి. 2008లో లేమాన్ బ్రదర్స్ మునిగినప్పుడు బార్‌క్లేస్ బ్యాంకు కొనే ఒప్పందాల జాబితాలో ఇదే జరిగింది. వద్దనుకున్న 179 ఒప్పందాల వరసలను ఎక్సెల్‌లో తీసేయకుండా దాచారు. పీడీఎఫ్ చేసేసరికి అవి బయటికొచ్చి జాబితాలో చేరి కోర్టుకు వెళ్ళాయి. కాబట్టి పీడీఎఫ్ చేశాక పేజీలు లెక్కపెట్టండి. చూపించాల్సినవి పద్నాలుగైతే పద్నాలుగే ఉండాలి.

వ్యాఖ్యలు, స్లయిడ్ కింద రాసుకున్న నోట్సు కూడా అంతే. "ఈ ఆఫీసరు ఒప్పుకోడు, ఇక్కడ కొంచెం పెంచి రాయి" అని ఒక తమ్ముడు ఇంకొకడికి రాసిన మాట ఆ ఆఫీసరుకే వెళ్తే ఏమవుతుంది? ఫైలుకు ఒక కాపీ తీసుకుని, ఆ కాపీలో File, Info, Check for Issues, Inspect Document అని వెళ్తే వ్యాఖ్యలు, నోట్సు, రాసినవాళ్ళ పేర్లు ఉన్నాయో లేదో చూపిస్తుంది, తీసేస్తుంది. తీసేసినవి మళ్ళీ రాకపోవచ్చు, అందుకే కాపీ. కానీ ఆ పరీక్ష దాచిన స్లయిడ్లను చూడదు. వాటిని మనమే వెతికి తీయాలి.

నాకు అన్నిటికంటే భయం గ్రాఫులంటే. ఎక్సెల్ నుంచి గ్రాఫు తెచ్చి అతికిస్తే, ఒక్కోసారి దాని వెనక మొత్తం ఎక్సెల్ ఫైలూ వచ్చి కూర్చుంటుంది. గ్రాఫు మీద కుడి బటన్ నొక్కి Edit Data అంటే తెరుచుకుంటుంది. మన నేతపనివాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత అప్పుందో అన్నీ పక్క షీట్లో ఉంటాయి. చూపించింది నాలుగు కడ్డీలు, ఇచ్చింది వీధి వీధంతా. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖ సమాచార హక్కు కింద ఒక ఎక్సెల్ ఇచ్చింది. అందులో దాగి ఉన్న షీట్లో దాదాపు పదివేల మంది సిబ్బంది ఇంటిపేర్లు, పనిచేసే చోట్లు ఉన్నాయి. అక్కడ పోలీసని తెలిస్తే ప్రాణభయం. ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది. దీనికి మందు సులువు: గ్రాఫును బొమ్మగా అతికించండి.

లింకుల సంగతి ఒక్క మాట. గూగుల్ డ్రైవ్ లింకు మీ ఫోన్లో తెరుచుకుంటే సరిపోదు, ఎందుకంటే అక్కడ మీరు లాగిన్ అయి ఉన్నారు. మన గ్రూపులో లేని ఒకరి ఫోన్లో తెరిచి చూడండి. అలాగని అందరికీ తెరిచి పెట్టిన ఫోల్డర్లో ఇంకేముందో చూడకుండా లింకు ఇవ్వకండి.

అర్జంటుగా పంపాలి, ఇంత టైం ఎక్కడిది పెద్దాయనా అని కొందరు అడిగారు. పద్నాలుగు స్లయిడ్లకు ముప్పావు గంట చాలు. నేననేది ఇంతే. స్లయిడ్లు చేసినవారు కాక ఇంకొకరు చూడాలి. ఒకరు అంకెలు చదవాలి, ఇంకొకరు కాగితం మీద టిక్ పెట్టాలి. ఆ చూపు అయ్యాక ఒక్క అక్షరం మార్చినా ఆ స్లయిడ్ మళ్ళీ చూడాలి. చూసినవారి పేరు సంఘం రిజిస్టర్లో రాయాలి. వచ్చే మీటింగులో ఇది తీర్మానంగా పెడతాను. వద్దనేవాళ్ళు వచ్చి ఎందుకో చెప్పండి, వింటాను.