ముసలివాళ్ల ప్రేమకు హారతులు వద్దు

మన సాహిత్య సభల్లో వృద్ధాప్య ప్రేమ ప్రస్తావన వస్తే దాదాపు ఒకే తీర్పు వినిపిస్తుంది. ఆ వయసులో కావలసింది ప్రేమ కాదు, తోడు. కోరిక చల్లారిపోయింది, మిగిలింది నిర్మలమైన స్నేహం. రచయిత దాన్ని కాస్త భక్తిగా రాస్తే కథ వెకిలిగానూ ఉండదు, ఏడుపుగొట్టుగానూ ఉండదు. వినడానికి ఇది గౌరవంగానే ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. ముసలివాళ్ల ప్రేమకు వెక్కిరింతా కన్నీళ్లూ ఎంత అన్యాయం చేశాయో, ఈ భక్తి కూడా అంతే చేసింది. ఈ మూడు పద్ధతుల్లోనూ జరిగేది ఒకటే: ఆ ఇద్దరూ తమ జీవితం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకుండానే కథ ముగిసిపోతుంది.

ముందు వెక్కిరింత సంగతి చూద్దాం. పెళ్లికి ఉబలాటపడే ముసలివాడు అనగానే తెలుగువాడికి లుబ్ధావధాన్లు గుర్తొస్తాడు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన రూపంలో వచ్చింది. డబ్బు పోసి పసిపిల్లను కొనుక్కోబోయే ముసలివాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయడం ఆనాడు న్యాయమే. ఆ నవ్వు వెనక ఒక ఆడపిల్ల బతుకు ఉంది. తర్వాత వచ్చిన మన సినిమాలు ఆ నవ్వును ఉంచుకుని, దానికి ఉన్న కారణాన్ని పారేశాయి. కొనడమూ లేదు, పసిపిల్లా లేదు. అరవై దాటిన ఆయన తన ఈడు ఆవిణ్ణి చూసి తల దువ్వుకుంటే చాలు, వెనక వెకిలి సంగీతం మొదలవుతుంది. లుబ్ధావధాన్ల నేరం వయసు కాదు, బేరం. బేరాన్ని వదిలేసి వయసును శిక్షిస్తూ ఉంటే అది గురజాడ వారసత్వం అనిపించుకోదు.

కన్నీళ్ల సంగతి మరోలా ఉంటుంది. 'బడిపంతులు' (1972) చూసి ఏడవని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఎన్టీ రామారావు, అంజలీదేవి దంపతులు. ముసలితనంలో కొడుకులు తల్లిని ఒకరు, తండ్రిని ఒకరు పంచుకుంటారు. ఆ బాధ నిజం. అయితే ఆ కథలో పనులన్నీ కొడుకులవే. విడదీసేదీ వాళ్లే, పశ్చాత్తాపం రావలసిందీ వాళ్లకే. తల్లిదండ్రుల ప్రేమ కథ మొదలవకముందే రుజువైపోయింది. దానికి ఇక పెరగడమూ లేదు, తప్పటడుగూ లేదు.

ఇదే కథావస్తువుతో 1937లో లియో మెకేరీ హాలీవుడ్‌లో 'మేక్ వే ఫర్ టుమారో' తీశాడు. ఇల్లు పోయిన ముసలి దంపతులను పిల్లలు చెరొక చోట ఉంచుతారు. చివరికి ఆయన్ను చాలా దూరంలో ఉన్న కూతురి దగ్గరికి పంపాలని తేలుతుంది. రైలు ఎక్కే రోజున పిల్లలు రాత్రి భోజనానికి ఎదురుచూస్తుంటారు. ఈ ఇద్దరూ న్యూయార్కులో తిరుగుతూ తిరుగుతూ, పెళ్లయిన కొత్తలో దిగిన హోటల్‌కు వెళతారు. ఆయన ఫోను చేసి భోజనానికి రావడం లేదని చెప్పేస్తాడు. ఇద్దరూ అక్కడే తిని, తాగి, నాట్యం చేస్తారు. ఆ తర్వాత స్టేషన్లో విడిపోవడం ఎలాగూ తప్పదు. అయినా ఆ ఫోను వల్ల సినిమా మొత్తం మారిపోయింది. అంతవరకూ ఆ ఇద్దరూ మనం జాలిపడే మనుషులు. రామని చెప్పిన క్షణం నుంచి ఒక సాయంత్రాన్ని దొంగిలించుకున్న ప్రేమికులు. విషాదాన్ని తగ్గించకుండానే దాని గుప్పిటలోంచి ప్రేమను బయటికి తీసిన పద్ధతి ఇది.

ఇక నా అసలు తగువు భక్తితోనే. దీనికి నా దగ్గరున్న గట్టి జవాబు కెంట్ హారఫ్ రాసిన 'అవర్ సోల్స్ ఎట్ నైట్'. హారఫ్ 2014 చివర్లో చనిపోయాడు, నవల మరుసటి ఏడాది వచ్చింది. చిన్న పుస్తకం. అమెరికాలోని కొలరాడోలో, ఆయన ఊహించి కట్టుకున్న హోల్ట్ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. ఆడీ మూర్ భర్త పోయిన డెబ్బై ఏళ్ల మనిషి. లూయిస్ వాటర్స్ భార్య పోయిన రిటైరైన బడి మాస్టారు. ఒక సాయంత్రం ఆడీ అతని ఇంటికి వెళ్లి, అప్పుడప్పుడూ రాత్రిళ్లు వచ్చి నా పక్కన పడుకుంటావా అని అడుగుతుంది. శృంగారం కోసం కాదని ఆవిడే చెబుతుంది. రాత్రులు గడవడం లేదు, చీకట్లో మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి.

ఇక్కడే మన సభాపెద్దలు చప్పట్లు కొడతారు. చూశారా, తోడే కదా అంటారు. కాస్త ఆగి, తర్వాత ఏం జరిగిందో చదవాలి. లూయిస్ ఆలోచించుకుంటానంటాడు. మర్నాడు క్షౌరశాలకు వెళ్లి జుట్టు కత్తిరించుకుంటాడు. పైజామా, పళ్ల బ్రష్షు కాగితపు సంచిలో పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా వెనక సందులోంచి వచ్చి పెరటి తలుపు తడతాడు. తోడు కోసమే వెళ్లే మనిషి జుట్టు ఎందుకు కత్తిరించుకుంటాడు? సందులోంచి ఎందుకు వస్తాడు? తనను ఒకరు చూడబోతున్నారన్న తడబాటు అది. ఇరవై ఏళ్లవాడిలో దాన్ని మనం ప్రేమే అంటాం, మరో పేరు వెతకం. హారఫ్ ఆ తడబాటును చూసి నవ్వడు, మురిసిపోడు కూడా. జరిగిన పనిని జరిగినట్టు రాసి పక్కకు తప్పుకుంటాడు.

ఆడీ ఏం చేస్తుందో చూడండి. ఇకనుంచి వీధి తలుపు నుంచే రమ్మంటుంది. జనం ఏమనుకుంటారో అని జీవితమంతా భయపడింది చాలంటుంది. పెరటి తలుపు నుంచి వీధి తలుపుకు మారడమే ఆ నవలలో మొదటి పెద్ద సంఘటన. ఊరు గుసగుసలాడుతుంది. తోటి ముసలాయన కాఫీ దగ్గర లూయిస్ మీద వెకిలి జోకు వేస్తాడు. ఆ జోకు కథలోనే ఉందని గమనించాలి. రచయిత దాన్ని దాచలేదు, ఒక పాత్ర నోట్లో పెట్టాడు. అది విని పాఠకుడు లూయిస్ వైపు నిలబడి నొచ్చుకుంటాడు. వెక్కిరింతను ఇంతకంటే బాగా ఎదుర్కోవడం కష్టం.

ఆ చీకటి గదిలో వాళ్లు చెప్పుకునేవి సుభాషితాలు కావు. లూయిస్ ఒకప్పుడు భార్యనూ కూతురినీ వదిలి, తనతో పనిచేసే టీచరు దగ్గరికి వెళ్లి, తిరిగొచ్చినవాడు. ఆడీ చిన్న కూతురు కారు కింద పడి పోయింది, ఆ తర్వాత ఆవిడకూ భర్తకూ మధ్య ఏదో చచ్చిపోయింది. మంచితనానికి మారుపేరైన తాతయ్యలు, అమ్మమ్మలు ఇలాంటి గతాలతో ఉండరు. తప్పులు చేసిన మనుషులు, వాటిని ఇంకొకరి ముందు విప్పే ధైర్యం తెచ్చుకోవడం ఆ నవలలో ప్రేమ. ముసలితనం వాళ్లను శుద్ధి చేయలేదు, దాచుకునే ఓపిక తగ్గించింది, అంతే.

చివర్లో ఆడీ కొడుకు అడ్డుపడతాడు. అతనితో బంధం తెగితే మనవణ్ణి చూసే వీలుండదు కాబట్టి ఆవిడ లొంగుతుంది. అది ఓటమే. కాలం ఓడించలేదు, జబ్బు ఓడించలేదు, ఒక బెదిరింపు ఓడించింది. ఆ బెదిరింపుకు లొంగాలని నిర్ణయించుకున్నది ఆడీయే, దాని ధర చెల్లించేదీ ఆవిడే. అందుకే పాఠకుడికి జాలి కంటే కోపం ఎక్కువ వస్తుంది. తర్వాత కొడుక్కి తెలియకుండా మళ్లీ లూయిస్‌తో ఫోన్లో మాట్లాడటం మొదలుపెడుతుంది. 2017లో ఈ నవలను సినిమాగా తీసింది 'ద లంచ్‌బాక్స్' దర్శకుడు రితేష్ బత్రా. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, జేన్ ఫోండా నటించారు. వాళ్లిద్దరూ 1967లో 'బేర్‌ఫుట్ ఇన్ ద పార్క్'లో కొత్త దంపతులు. ఆ జంటను మళ్లీ చూస్తున్నప్పుడు ఆకర్షణ ఎక్కడికీ పోలేదని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

శరీరం మాట ఎత్తితే అసభ్యం అవుతుందని భయపడేవారు మార్క్వెజ్ 'లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా' (1985) చివరి భాగం చదవాలి. ఫ్లోరెంటీనో, ఫెర్మీనా డెబ్బైలు దాటాక నదిమీద పడవలో ఒకటవుతారు. మార్క్వెజ్ ముడతలూ దాచడు, ముసలి ఒంటి వాసనా దాచడు. ఆమె అతనికి ఎనిమా చేసుకోవడంలో సాయపడుతుంది. అతను లేవకముందే గ్లాసులోని కట్టుడు పళ్లు తోమిపెడుతుంది. తన కళ్లజోడు కనిపించకపోతే అతనిది పెట్టుకుని చదువుకుంటుంది. కట్టుడు పళ్లు మన సినిమాలో ఊడిపడి జనాన్ని నవ్వించడానికి ఉంటాయి. ఇక్కడ అవే పళ్లు ఒక స్త్రీ చేతిలో, తెల్లవారుజామున, శ్రద్ధగా తోమబడుతున్నాయి. వస్తువు మారలేదు. దాన్ని ఎవరు పట్టుకున్నారన్నది మారింది. తల్లి ప్రేమ అసహ్యమని కూతురు అన్నప్పుడు ఫెర్మీనా ఆ కూతుర్ని ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. ఆడీ అక్కడ లొంగింది, ఫెర్మీనా లొంగలేదు. రెండూ నిజమైన ముసలితనాలే.

మన 'మిథునం' దగ్గరికి వస్తే నా వాదం ఎదురుతిరుగుతుందని కొందరు అనుకుంటారు. శ్రీరమణ కథను తనికెళ్ల భరణి 2012లో సినిమా తీశారు. తెర మీద బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప ఇంకెవరూ ఉండరు. అంతకుముందు 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి'గా తీశారు. ఆదర్శ దాంపత్యం అంటూ ఆ కథకు హారతులు పట్టని పత్రిక లేదు. కథ మాత్రం హారతి అడగలేదు. అప్పదాసు తిండిపోతు, మాటకు మాట వేసే మొండివాడు. బుచ్చిలక్ష్మి ఎత్తిపొడవడంలో అతనికంటే రెండాకులు ఎక్కువే చదివింది. వాళ్ల మధ్య ఉన్నది ఆకలి. పప్పుకూ పచ్చడికీ ఉన్న ఆకలే ఒకరి మాటకు ఒకరికి ఉన్న ఆకలి. ఇక చివర, అతనే ముందు పోవాలని ఆవిడ కోరుకున్నట్టు తెలుస్తుంది. తను లేకపోతే అతన్ని చూసేవాళ్లు ఉండరు కాబట్టి. పుణ్యస్త్రీగా పోవాలన్న తరతరాల కోరికను ఒక ముసలి ఇల్లాలు ఆ మనిషి కోసం వదిలేసుకుంది. ఇది సంప్రదాయ దాంపత్యానికి నీరాజనం ఎలా అవుతుంది? సంప్రదాయం ఆవిడకు ఇచ్చిన పెద్ద వరాన్నే ఆవిడ వద్దంది. పవిత్రం అనేసి మనం ఆ తిరుగుబాటు మీద పూలు కప్పాం.

అయినా 'మిథునం'కు ఒక హద్దు ఉంది. వాళ్లు పెళ్లయి యాభై ఏళ్లు కాపురం చేసినవాళ్లు. ఆ ప్రేమకు ఊరి అనుమతి ఎప్పుడో వచ్చేసింది. ముసలితనంలో కొత్తగా పుట్టిన ప్రేమ దగ్గరికి మన కథ చాలా అరుదుగా వెళ్లింది. మన సమాజంలో అలా జరగదు, రాస్తే కృతకంగా ఉంటుంది అనేవారు ఉన్నారు. జరుగుతుందో లేదో సర్దుకుపోయిన వాకిళ్లు చూసి తేల్చలేం. జరిగినప్పుడు ఏం అడ్డుపడుతుందో మాత్రం మనందరికీ తెలుసు: పొలం ఎవరికి పోతుంది, పింఛను ఎవరి పేరన ఉంది, మనవరాలి సంబంధం చెడుతుందా, రేపు కర్మ ఎవరు చేస్తారు. ఇవన్నీ కథకు అడ్డంకులా? ఇవే కథ. హారఫ్‌కు ఒక కొడుకు బెదిరింపు సరిపోయింది. మన దగ్గర పది ఉన్నాయి.

వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ ఉద్యమం పసి వితంతువుల కోసం. ఆనాటికి అదే అత్యవసరం. అప్పటినుంచి మన సాహిత్యం వితంతువు కోరికను గౌరవించడం నేర్చుకుంది, ఆమె చిన్నదై ఉన్నంతవరకు. అరవై ఏళ్ల వితంతువు తానే లేచి పక్కింటి మాస్టారి తలుపు తట్టే దృశ్యాన్ని రాయబోయే తెలుగు రచయిత, ఆవిణ్ణి ముందుగా దేవతను చేయకుండా ఉండాలి. ఆవిడ ఆ రోజు ఏ చీర కట్టుకోవాలా అని రెండుసార్లు మార్చుకుందని రాయాలి. మోకాళ్లు నొప్పిగా ఉన్నా ఆ నాలుగు మెట్లూ ఎక్కిందని రాయాలి. ఆయన కాదంటే మర్నాడు పాలవాడి ముందు ముఖం ఎలా పెట్టుకోవాలో కూడా ఆలోచించుకుందని రాయాలి.