పాటకు కేబుల్, మాటకు బ్లూటూత్

ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు బయల్దేరే వేళ గుంటూరులో సాయంత్రం ఐదున్నర అవుతుంది. అమ్మకు తీరిక, నాకు నలభై నిమిషాల దారి. అందుకే మా మాటలన్నీ కారులోనే. చాలాకాలం అమ్మది ఒకటే ఫిర్యాదు: ‘‘బావిలోంచి మాట్లాడుతున్నట్టుందిరా. పైగా నా మాటే నాకు తిరిగి వినిపిస్తోంది.’’ సిగ్నల్ బాగోలేదేమో అనుకునేవాణ్ని. తప్పు నేను వాడే కేబుల్‌దని ఆలస్యంగా తెలిసింది.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2010 మోడల్ కారు. అందులో బ్లూటూత్ ఉంది కానీ కాల్స్‌కు మాత్రమే, పాటలు రావు. ఆ రోజుల్లో వచ్చిన చాలా కార్లు ఇంతే. పాటలు రాని బ్లూటూత్ ఎందుకని నేను దాన్ని జత చేయనే లేదు. పాటలైనా, అమ్మ ఫోనైనా అన్నీ ఆక్స్ కేబుల్ మీదే.

ఆక్స్ కేబుల్ ఒకవైపు దారి. ఫోన్‌లోని శబ్దాన్ని కారు స్పీకర్లకు తీసుకెళ్తుందే గానీ, మన గొంతును వెనక్కి తీసుకురాదు. కాల్ నడుస్తున్నప్పుడు పనిచేసేది ఫోన్‌కున్న మైకే. ఆ ఫోనేమో కప్ హోల్డర్‌లో, నా నోటికి రెండడుగుల కింద ఉంటుంది. దానికి నా మాట కంటే టైర్ల మోత, స్పీకర్లలోంచి వచ్చే అమ్మ గొంతే ఎక్కువగా వినిపిస్తాయి. అమ్మకు వినిపించిన ప్రతిధ్వని అదే.

ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. అమ్మకు వినపడడం లేదని నేను ఫోన్ తీసి నోటి దగ్గర పెట్టుకునేవాణ్ని. మా న్యూజెర్సీలో డ్రైవ్ చేస్తూ ఫోన్ చేత్తో పట్టుకుంటే మొదటిసారికే 200 నుంచి 400 డాలర్ల జరిమానా. డబ్బు మాట అటుంచి, టర్న్‌పైక్ మీద ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పడం ఎంత తెలివితక్కువ పనో చెప్పక్కర్లేదు.

బ్లూటూత్ కాల్‌లో వాడేది కారు మైకు. అది సాధారణంగా అద్దం దగ్గరో, తలపైన లైట్ల దగ్గరో ఉంటుంది. స్పీకర్ల శబ్దం తిరిగి వెళ్లకుండా కారే చూసుకుంటుంది. మీ కారులో ఏ మైకు పనిచేస్తోందో తెలుసుకోవాలంటే, బండి ఆపి ఉన్నప్పుడు ఎవరికైనా ఫోన్ చేసి, మాట్లాడుతూ ఫోన్ కింది అంచును వేలితో మూయండి. అవతలివారికి మీ గొంతు మసకబారితే పనిచేస్తున్నది ఫోన్ మైకే. ఏ తేడా రాకపోతే కారుది.

ఇప్పుడు నా కారులో రెండూ ఉంటాయి. కాల్స్‌కు బ్లూటూత్ జత చేశాను, పాటలకు ఆక్స్ ఉంచాను. ఫోన్ మోగితే కారు తనంతట తానే పాట ఆపి కాల్‌కు మారుతుంది. స్టీరింగ్ మీది బటన్‌తో ఎత్తుతాను. వాట్సాప్ కాల్ ఎప్పుడైనా ఫోన్‌లోనే ఉండిపోతే, బండి పక్కకు ఆపి, కాల్ తెర మీది స్పీకర్ గుర్తు నొక్కి కారు పేరు ఎంచుకుంటాను. కాల్ వాల్యూమ్ పాటల వాల్యూమ్‌తో సంబంధం లేకుండా ఉంటుంది కాబట్టి మాట్లాడుతున్నప్పుడే దాన్ని సరిచేసుకోవాలి.

ఆక్స్‌తో ఒక నష్టం ఉంది. స్టీరింగ్ మీది ‘తర్వాతి పాట’ బటన్ పనిచేయదు, ఎందుకంటే ఆ ఆజ్ఞ ఆ తీగలో వెళ్లదు. అందుకే పాటల వరుస బయల్దేరే ముందే పెట్టుకుంటాను.

మా ఆవిడది కొత్త కారు. అందులో పాటలు, బటన్లు, కాల్స్ అన్నీ బ్లూటూత్‌లోనే నడుస్తాయి. అయినా వెనక సీట్లో పిల్లలు తమ ట్యాబ్‌ను ఆక్స్‌కు పెట్టుకుంటే, తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో కారు పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి Media audio ఆపేసి, Phone calls మాత్రం ఉంచుతుంది. పిల్లలకు పాటలు, తనకు కాల్స్.

యూఎస్‌బీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో వాడేవారికి ఒక మాట. పాటలు, మ్యాప్‌లు కేబుల్‌లో వచ్చినా కాల్స్ బ్లూటూత్ మీదే నడుస్తాయి. కేబుల్ ఉంది కదా అని బ్లూటూత్ ఆపేయకండి. కేబుల్ పెట్టినా తెర మీద ఏమీ రాకపోతే, అది చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబులేమో చూడండి.

కేబుల్‌లో పాట బాగుంటుందనే మిత్రులతో నాకు పేచీ లేదు. హైవే మీద టైర్ల మోతలో ఆ తేడా నా చెవికి అందదు, అంతే. అమ్మ మాటలో తేడా మాత్రం మొదటి రోజే తెలిసింది. ‘‘ఇవాళ ఇంట్లోంచి మాట్లాడుతున్నావా?’’ అని అడిగింది. నేను టర్న్‌పైక్ మీద ఉన్నాను, రెండు చేతులూ స్టీరింగ్ మీద.