పానా, పేచ్‌కస్: దడాల్న కొట్టుకునే తలుపు

ఈ నెల ఒకే తలుపు మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. మిల్లు కార్మికుల కోటాలో ఇళ్ళు వచ్చిన ఒక బిల్డింగు నుంచి ఒక అక్క రాసింది: తొమ్మిదో అంతస్తులో మెట్ల దగ్గరి తలుపు దడాల్న కొట్టుకుంటున్నది, రాత్రిపూట ఇల్లంతా అదురుతున్నది అని. అదే అంతస్తు నుంచి ఇంకో అన్న రాసింది వేరు. తలుపు అసలు పూర్తిగా పడుతనే లేదు, వేలెడు సందు మిగులుతున్నది అని. పోయి చూస్తే ఇద్దరి మాటా నిజమే. మొదట కొట్టుకునేది. ఎవరో స్టూలెక్కి పైనున్న క్లోజర్ స్క్రూ బిగించారు, అప్పటి నుంచి పడటం మానేసింది. ఇగ విసుగొచ్చి సుతిలి తాడుతో రెయిలింగుకు కట్టేశారు.

ఆ తాడు ముందు విప్పించాను. ఆ తలుపు ఉన్నది మెట్లదారిలోకి పొగ పోకుండా ఆపడానికి. మంటలు లేస్తే లిఫ్టు ఎక్కొద్దు, ముసలివాళ్ళయినా పిల్లలయినా ఆ మెట్ల మీదనే దిగాలి. తలుపు తెరిచి కట్టేస్తే ఆ దారే పొగగొట్టం అవుతుంది. అట్లని కొట్టుకునేటట్టు వదిలేస్తే వెనక వచ్చే పోరల వేళ్ళు నలుగుతాయి. కాబట్టి తలుపు తనంతట తాను మెల్లగా రావాలి, చివరికి లాచ్ పడాలి. రెండూ కావాలి.

క్లోజర్ లోపల ఏముందో ఒక్కసారి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. ఆ డబ్బాలో గట్టి స్ప్రింగు ఉంటుంది, నూనె ఉంటుంది. మనం తలుపు తీస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది, వదిలేస్తే అది తలుపును లాగుతుంది. నూనె పని వెనక్కి పట్టి ఉంచడం. సన్నని దారుల గుండా నూనె మెల్లగా కదులుతుంది కాబట్టి తలుపు కూడా మెల్లగా వస్తుంది. సాంచా మీద పనిచేసిన వాళ్ళకు ఇది కొత్త కాదు. ముందు బట్ట చుట్టుకుంటూ లాగుతుంటే, వెనక పడుగు బీముకు గొలుసు, బరువు వేసి పట్టి ఉంచేవాళ్ళం కదా, అట్లాంటిదే. స్క్రూలు ఆ నూనె దారులను సన్నం చేసేవి, వెడల్పు చేసేవి. అవి స్ప్రింగు బలాన్ని పెంచవు. మన తొమ్మిదో అంతస్తులో స్క్రూ తిప్పిన మనిషి అనుకున్నది అదే, బిగిస్తే తలుపు గట్టిగా పడుతుందని. జరిగింది దానికి ఉల్టా.

స్క్రూ ముట్టుకోకముందు తలుపును చూడాలి. తలుపు మూసి, క్లోజర్ చేతులు రెండూ కలిసే దగ్గరున్న స్క్రూ విప్పి ఆ చేతిని వేరు చేశాను. ఈ పనిలో ముఖం పక్కకు పెట్టుకోండి, చేతిని గట్టిగా పట్టుకోండి. స్ప్రింగు బిగువు మీద అది ఒక్కసారి జరుగుతుంది. ఇప్పుడు తలుపు మీద క్లోజర్ బలం ఏమీ లేదు. ఒక వేలితో నెట్టాను. చౌకట్టు దాకా వచ్చి ఆగింది, భుజం పెట్టి నెడితేగానీ లాచ్ పడలేదు. అంటే తప్పు సగం క్లోజర్‌ది కానే కాదు. లాచ్ నాలుక దూరే ఇనుప పట్టీ చూస్తే కింది అంచు రుద్దుకుని తళతళ మెరుస్తున్నది. తలుపు కిందికి వాలింది. పై మడతబందు స్క్రూలు రెండు వేళ్ళతోనే తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళు దడాల్న కొట్టుకుని కొట్టుకుని అవి వదులైనాయి.

చెక్క చౌకట్టు కాబట్టి ఆ రంధ్రాల్లో జిగురు పూసిన అగ్గిపుల్లలు దూర్చి, ఆరనిచ్చి, స్క్రూలు మళ్ళీ బిగించాం. ఇనుప చౌకట్టు అయితే ఈ ఉపాయం పనికిరాదు, వెల్డింగు మనిషి రావాలి. మడతబందు బిగిసిన తర్వాత తలుపు లేచి తన చోటికి వచ్చింది, వేలితో నెడితే లాచ్ టక్కుమంది. ముంబైలో వానాకాలం అయితే చెక్క ఉబ్బి కూడా ఇట్లనే పట్టేస్తుంది. అది వేరే రోగం, రుద్దుకునే చోట కొంచెం రందా పట్టాలి. ఏదైనా సరే, వేలితో నెడితే పడని తలుపును స్క్రూ తిప్పి పడేటట్టు చేయలేం.

తర్వాత క్లోజర్ చేతిని మళ్ళీ కలిపి స్క్రూల దగ్గరికి వచ్చాం. డబ్బా చివర ఉన్న మూత తీస్తే రెండు స్క్రూలు కనిపించాయి, పక్కన 1, 2 అని అచ్చు. కొన్నిట్లో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, కొన్నిట్లో ఏమీ ఉండదు. చవక రకాల్లో ఒక్కటే స్క్రూ. దీంట్లో ఒకటోది తలుపు దూరం నుంచి వచ్చే వేగానికి. రెండోది చివరి జానెడు దూరానికి, లాచ్ పడే దగ్గరి వేగానికి. గుర్తు లేకుంటే ఒకదాన్ని పావు చుట్టు తిప్పి తలుపు వదిలి చూడండి, మార్పు ఎక్కడ వచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది. తిప్పకముందు స్క్రూ గాడికి ఎదురుగా పెన్నుతో గీత పెట్టుకోవడం మరవద్దు.

గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే తలుపు మెల్లగా వస్తుంది. ఉల్టా తిప్పితే వేగంగా వస్తుంది. దాదాపు అన్ని క్లోజర్లకూ ఇంతే. మేము మొదట రెండు స్క్రూలనూ పూర్తిగా బిగించి ఉన్న స్థితి నుంచి కొంచెం వదులు చేశాం. తలుపును గోడకు నిటారుగా తెరిచి వదిలి, మనసులో అంకెలు లెక్కపెట్టాం. మొదటిసారి రెండు అనేలోపు వచ్చి కొట్టింది. ఒకటో స్క్రూ పావు చుట్టు బిగిస్తే నాలుగు, అందులో సగం ఇంకా బిగిస్తే ఆరు. ఆరు దగ్గర ఆపాం. చేతికర్రతో నడిచే పెద్దమ్మ దాటడానికి అయిదారు సెకన్లు కావాలి. పదిహేను పెడితే తలుపు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది, మనుషులు ఓపిక పట్టక చేత్తో నెడతారు. అట్ల నెట్టినకొద్దీ లోపలి నూనె మీద ఒత్తిడి పడి ఆయిల్ సీలు పాడవుతుంది.

ఆరు సెకన్లకు వచ్చిన తలుపు చివర్లో నీరసంగా ఆగింది. ఇప్పుడు రెండో స్క్రూ, ఉల్టా వైపు, చుట్టులో ఎనిమిదో వంతు. రెండుసార్లు తిప్పితే చివరి జానెడులో కొంచెం ఊపు వచ్చి లాచ్ పడింది. చప్పుడు లాచ్‌ది మాత్రమే, తలుపుది కాదు. ఇరవై సార్లు తెరిచి మూసి చూశాం. సగం తెరిచి, వేలెడు తెరిచి కూడా చూశాం. ఎందుకంటే జనం తలుపును ఎప్పుడూ పూర్తిగా తెరవరు. మెట్ల కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూశాం. గాలి లోపల బందీ అయితే అది కూడా తలుపును చివర్లో నిలబెడుతుంది.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తున్నాను. వదులు చేసేటప్పుడు స్క్రూ తల డబ్బా అంచుకు పైకి రాకూడదు. ఇంకా విప్పితే ఒత్తిడి మీదున్న నూనె చిమ్ముకొస్తుంది, క్లోజర్ అయిపోయినట్టే.

ఇగ నూనె సంగతి. ఆ బిల్డింగులోనే ఆరో అంతస్తు తలుపు కూడా కొట్టుకుంటున్నదని పిలిచారు. అక్కడ నేను స్టూలు ఎక్కక ముందే తెలిసిపోయింది. క్లోజర్ కింద తలుపు మీద జానెడు పొడుగున నల్లటి జిడ్డు చార. నూనె కారి, దానికి దుమ్ము అంటుకుంటే అట్ల అవుతుంది. అయినా చూడగానే తీర్పు చెప్పొద్దు. ఎవరో చేతికి, మడతబందుకు నూనె వేసి ఉండొచ్చు. కిర్రుమంటే చాలు కొబ్బరినూనె పట్టుకొచ్చే ఇళ్ళు మనవి. అందుకే డబ్బానంతా గుడ్డతో పొడిగా తుడిచి, కింద న్యూస్‌పేపర్ ముక్క టేపుతో అంటించి, రెండు రోజులు మామూలుగా వాడమన్నాను. పై నూనె అయితే మళ్ళీ రాదు. మూడో రోజు చూస్తే కాగితం మీద రూపాయి బిళ్ళంత మరక, చేయి బిగించే ఇరుసు చుట్టూ తడి. కారేది చాలావరకు ఆ ఇరుసు దగ్గర, లేకపోతే డబ్బా చివరి మూతల దగ్గర, స్క్రూల చుట్టూ.

ఇంకో గుర్తు కూడా దొరికింది. ఒకటో స్క్రూ అర చుట్టు బిగించినా లెక్క రెండు దగ్గరే ఉంది. పట్టి ఉంచడానికి లోపల నూనె చాలనప్పుడు దారి సన్నం చేసి లాభం లేదు. తలుపు ఒకచోట జారి, ఒకచోట ఆగి, మళ్ళీ జారినా అనుమానం అదే, నూనె తగ్గి లోపలికి గాలి చేరిందని.

అప్పటికే ఒక రిపేరు మనిషి వచ్చి నూనె నింపుతానని డబ్బులు అడిగాడట. ఇంట్లో వాడే ఈ క్లోజర్లు సీలు చేసి వచ్చేవి. సీలు అరిగితే పోసిన నూనె కూడా అదే దారిన పోతుంది. లోపలి స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కాబట్టి డబ్బా విప్పడం ప్రమాదం కూడా. కారిన క్లోజర్‌ను మార్చడమే. స్క్రూ మరీ వదులై దాని చుట్టూ కొంచెం తడి ఉన్న సందర్భం ఒక్కటే వేరు. దాన్ని లోపలికి తిప్పి, తుడిచి, కాగితం పెట్టి చూడొచ్చు.

కొత్తది వచ్చేదాకా ఆరో అంతస్తు తలుపు చేతిని వేరు చేసి పెట్టాం. కొట్టుకోదు, కానీ దాటిన ప్రతి మనిషి చేత్తో మూసి పోవాలి. తలుపు మీద తెలుగులో, మరాఠీలో రాసి అంటించాం. నేల మీది నూనెను సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగించాం, మెట్ల తలకాయ దగ్గర జారితే తుంటి ఎముక పోతుంది.

దుకాణానికి పోయేముందు తలుపు వెడల్పు కొలవండి, పాత క్లోజర్ మీద అచ్చు చూడండి. 3వ సైజు అంటే 950 మిల్లీమీటర్ల వెడల్పు, 60 కిలోల బరువు దాకా తలుపుకు. 4వది 1100 మిల్లీమీటర్లు, 80 కిలోల దాకా. మెట్ల తలుపులు బరువైనవి, గాలి కూడా ఎక్కువ, అందుకే ఆరో అంతస్తుకు 4 తెమ్మన్నాను. పాతది చేతిలో పట్టుకుపోతే స్క్రూ రంధ్రాలు సరిపోయేది దొరుకుతుంది, తలుపుకు కొత్త చిల్లులు పొడిచే పని తప్పుతుంది.