చదువు మధ్యలో ఫీజు పెంచారా? డబ్బు పంపే ముందు ఈ ఆర్డరు చూడండి

జగిత్యాల దగ్గరి ఊరి నుంచి షార్జాకు వచ్చి పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఒక అన్న, పోయిన ఏడాది కాలేజీ నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్ నాకు పంపిండు. బిడ్డ హైదరాబాద్ శివార్లలోని ఒక కాలేజీలో బీటెక్ చదువుతున్నది. 2023లో కన్వీనర్ కోటాలో చేరినప్పుడు ఏడాదికి 75,000 రూపాయలు అన్నరు. మూడో ఏడాది మొదలు కాగానే 95,000 కట్టమన్నరు. దానికి తోడు స్కిల్ ట్రైనింగ్ పేరుతో 8,000, బస్సుకు 32,000. "వారం రోజుల్లో కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వం" అని చివర్లో రాసిండ్రు.

"అన్నా, ట్యూషన్ ఫీజు ఒక్కదాంట్లోనే 20,000 పెరిగింది. నాకది ఎనిమిది వందల దిర్హాములకు పైనే. ఓవర్‌టైం చేసినా రెండు నెలలు పడుతది. పంపాలా?" అని అడిగిండు. పంపొద్దని చెప్పలేదు. ముందు ఒక కాగితం చూద్దాం అన్న.

ఫీజు ఎవరు నిర్ణయిస్తరు?

తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఫీజు యాజమాన్యం ఇష్టం కాదు. రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన తెలంగాణ అడ్మిషన్ అండ్ ఫీ రెగ్యులేటరీ కమిటీ ఉంది. దాన్ని టీఏఎఫ్ఆర్‌సీ అంటరు. కాలేజీ జీతాల ఖర్చు, ఆడిట్ లెక్కలు చూసి మూడేళ్లకు ఒకసారి ఫీజు సిఫారసు చేస్తది, ప్రభుత్వం జీవో ఇస్తది. ఈ మూడేళ్ల కాలాన్ని బ్లాక్ పీరియడ్ అంటరు. 2019–22 ఒకటి, 2022–25 ఇంకొకటి.

మన పిల్లలకు పనికొచ్చే అసలు సంగతి ఏమిటంటే, విద్యార్థి ఏ ఏడాది చేరిండో ఆ ఏడాదికి నిర్ణయించిన ఫీజే కోర్సు పూర్తయ్యేదాకా వర్తిస్తది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో చేసిన నిబంధనల నుంచీ ఇదే పద్ధతి. అంటే 2023లో చేరిన ఈ అమ్మాయికి 2022–25 బ్లాకు ఫీజే 2027లో పట్టా చేతికొచ్చేదాకా ఉండాలె. 2025లో కొత్త బ్లాకు మొదలైంది కాబట్టి అందరికీ పెరిగిందని కాలేజీ చెప్పినా అది ఆమెకు వర్తించదు. పైగా 2025 జూన్ చివర్లో ప్రభుత్వమే 2025–26కు పాత ఫీజులే కొనసాగుతయని ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని కాలేజీలు దానిమీద హైకోర్టుకు పోయినయి. ఈ గందరగోళంలోనే పాత బ్యాచ్‌ల పిల్లలకు కూడా పెద్ద అంకెల మెసేజ్‌లు వచ్చినయి.

"కోర్టు ఆర్డరు ఉంది" అంటే

ఫోన్ చేస్తే కాలేజీ ఆఫీసులో ఈ మాటే అన్నరు. ఇది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. ఫీజు తక్కువ పెట్టిండ్రని కొన్ని కాలేజీలు హైకోర్టుకు పోయి ఎక్కువ వసూలు చేసుకునేందుకు అనుమతి తెచ్చుకున్న మాట నిజం. కానీ అలాంటి ఆర్డర్లు చాలాసార్లు మధ్యంతరమైనవే. తుది తీర్పు మారితే లెక్క కూడా మారుతది. 2016–19 బ్లాకులో వాసవి ఇంజనీరింగ్ కాలేజీ విషయంలో హైకోర్టు ఫీజు పెంచితే, తల్లిదండ్రుల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 2019 జులైలో సుప్రీంకోర్టు హైకోర్టు ఆర్డర్లను పక్కనపెట్టి, కమిటీ చెప్పిన ఫీజునే నిలబెట్టింది.

అందుకే కాలేజీని మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలె. కేసు నంబరు ఎంత? ఆర్డరు కాపీ ఏది? అది ఏ బ్యాచ్‌కు వర్తిస్తది? ఈ అమ్మాయి ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ చేసి అవే అడిగింది. నాలుగు రోజులకు కాపీ ఇచ్చిండ్రు. చదివితే అది కొత్తగా చేరేటోళ్ల గురించే ఉంది, 2023 బ్యాచ్ మాటే లేదు.

ఏ కాగితాలు సరిచూడాలె?

మొదటిది సీటు అలాట్‌మెంట్ ఆర్డరు. అందులో సీటు కేటగిరీ, కట్టాల్సిన ఫీజు ఉంటయి. రెండోది ఆ బ్లాకుకు ప్రభుత్వం ఇచ్చిన జీవో, దాంట్లో కాలేజీ పేరు పక్కన అంకె. కౌన్సెలింగ్ వెబ్‌సైటులో కాలేజీల వారీగా కూడా ఫీజు చూపిస్తరు. మూడోది మొదటి ఏడాది రసీదులు. ఈ మూడింటిలో అంకె ఒక్కటే అయితే మీ వాదన గట్టిది.

ఇక్కడ మన గల్ఫ్ కుటుంబాలు జాగ్రత్తగా చూడాల్సింది కేటగిరీ. ఎన్ఆర్ఐ కోటాలో చేరితే ఫీజు లెక్క వేరు, కన్వీనర్ సీటు ఫీజుతో పోల్చలేం. డీమ్డ్ యూనివర్సిటీలు, రాష్ట్ర చట్టం కింద వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీల ఫీజు ఈ కమిటీ నిర్ణయించదు. అక్కడ చేరినప్పటి ప్రాస్పెక్టస్‌లో నాలుగేళ్ల ఫీజు ఏం రాసిండ్రో అదే ఆధారం. బస్సు, హాస్టల్ కూడా వేరే లెక్క. అందుకే ఆ అన్నకు 32,000 బస్సు సంగతి ఈ ఫిర్యాదులో కలపొద్దని చెప్పిన. అన్నీ కలిపితే అసలు 20,000 మాట పక్కకు పోతది.

ఇంకొకటి, రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఇప్పుడు మీరే కట్టండి అనడం ఫీజు పెంపు కాదు. అది ప్రభుత్వ బకాయి సమస్య, ఆ ఫిర్యాదు వేరు.

ఎక్కడ ఫిర్యాదు చేయాలె?

మొదటి మెట్టు కాలేజీయే. యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలె. ప్రాస్పెక్టస్‌లో చెప్పినదానికన్నా ఎక్కువ డబ్బు అడగడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోవడం రెండూ ఆ కమిటీ చూడాల్సిన ఫిర్యాదులే. ఫిర్యాదు అందినంక 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలె. దానితో సంతృప్తి లేకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలె. ఈ గడువు దాటనీయొద్దు.

అదే రోజు మాసబ్ ట్యాంక్‌లోని టీఏఎఫ్ఆర్‌సీ ఆఫీసుకు కూడా రాతపూర్వక ఫిర్యాదు పంపాలె. నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేసిండ్రన్నది నేరుగా వాళ్లు చూసే విషయం. కాపీ ఉన్నత విద్యామండలికి పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్ కాలేజీ అయితే ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు రాయాలె. ఫిర్యాదు విద్యార్థి పేరు మీదే ఉండాలె, తండ్రి ఇక్కడ సంతకం పెట్టి పంపాల్సిన పని లేదు.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. చేరిన సంవత్సరం, సీటు కేటగిరీ, జీవోలో ఉన్న ఫీజు, ఇప్పుడు అడిగిన ఫీజు, తేడా ఎంత అన్నది రాసి మెసేజ్ స్క్రీన్‌షాట్, రసీదులు జతచేయాలె.

గడువు దగ్గర పడితే

ఫిర్యాదు పెట్టినమని ఫీజు పూర్తిగా ఆపితే ఎగవేతదారు ముద్ర వేస్తరు. ఈ అమ్మాయి గడువు లోపలే ఆమోదిత ఫీజు 75,000 కాలేజీ ఖాతాకు ఆన్‌లైన్‌లో కట్టి, "నాకు వర్తించే ఫీజు ఇదే, మిగతాది వివాదంలో ఉంది" అని ఈమెయిల్ పెట్టింది. ఒకవేళ పరీక్ష ముందు మొత్తం కట్టక తప్పకపోతే, అభ్యంతరంతో కడుతున్నట్టు రాసి రసీదు తీసుకోవాలె. చేతికి నగదు ఇవ్వొద్దు, తెలిసినాయన ఖాతాకు పంపొద్దు. రసీదు లేని డబ్బును ఏ కమిటీ వెనక్కి ఇప్పించలేదు.

మూడు వారాలకు కాలేజీ ఆ 20,000 అడగడం ఆపింది, హాల్ టికెట్ ఇచ్చింది. తప్పు చేసినమని మాత్రం ఎక్కడా రాయలేదు. స్కిల్ ట్రైనింగ్ 8,000 మీద కాలేజీ కమిటీ, అది విద్యార్థి ఇష్టమని తేల్చకుండా దాటేసింది. ఆ ముక్క అంబుడ్స్‌పర్సన్ దగ్గర ఉంది. ఆమెతో పాటు అదే క్లాసులో ఇంకో పదకొండు మంది సంతకాలు పెట్టిండ్రు. మిగిలినోళ్లు అప్పటికే 95,000 కట్టేసిండ్రు. ఇప్పుడు వాళ్లు రసీదులు వెతుక్కుంటున్నరు.