అమ్మ ఎన్ని అడుగులు నడవగలరు? హార్సిలీ హిల్స్ ప్రయాణానికి అసలు లెక్క ఇదీ

వేసవి సెలవులు వస్తే మదనపల్లె చుట్టుపక్కల ఇళ్లలో ముందుగా వినిపించే పేరు హార్సిలీ హిల్స్. నిమ్మనపల్లెలో ఉండే అమ్మానాన్నలను ఒక పూట అయినా కొండ మీద చల్లగాలిలో కూర్చోబెట్టాలని బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలకు అనిపిస్తుంది. కారు మాట్లాడతారు, గది బుక్ చేస్తారు. తీరా వెళ్లాక అమ్మ గదిలోనే కూర్చుండిపోతారు. ‘మీరు వెళ్లి చూసి రండమ్మా, నేను ఇక్కడే ఉంటా’ అంటారు. ఇలా ఎందుకవుతోంది? ప్రయాణాన్ని మనం కిలోమీటర్లలో లెక్కిస్తాం. నడవలేని మనిషికి అది అడుగుల్లో, మెట్లలో ఉంటుంది.

మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్ 30 కిలోమీటర్ల లోపే. ఆ దూరం సమస్య కాదు, కారులో కూర్చుంటే అదే గడిచిపోతుంది. కారు తలుపు నుంచి గది గడప వరకు, గది నుంచి మరుగుదొడ్డి వరకు, బండి ఆగిన చోటు నుంచి కొండ అంచు వరకు ఉండే దూరాలే అసలు ప్రయాణం. వాటిని బయలుదేరక ముందే ఎలా లెక్కించాలో చూద్దాం.

ముందు ఇంటి దగ్గరే కొలవండి

‘అమ్మ కొంచెం దూరం నడుస్తారు’ అన్నది లెక్క కాదు. ఒక సాయంత్రం ఇంటి ముందు వీధిలో ఆమె మామూలు నడకతో నడిపించండి. ఎన్ని అడుగుల తర్వాత కూర్చోవాలనిపించిందో రాసుకోండి. మళ్లీ లేవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. రెండోసారి, మూడోసారి కూడా అలాగే చేయండి.

ఉదాహరణకు మోకాళ్ల నొప్పులున్న 74 ఏళ్ల తల్లిని ఊహించుకుందాం. మొదటిసారి 120 అడుగులు వేశారు. ఐదు నిమిషాలు కూర్చున్నాక 90, మరోసారి కూర్చుని లేచాక 60. ఆమె అడుగు సుమారు అర మీటరు. చాలామంది మొదటి అంకెను పట్టుకుని ‘60 మీటర్లు నడవగలరు’ అని ప్లాన్ వేస్తారు. ప్రయాణంలో రోజంతా పనికొచ్చేది మూడో అంకె, అంటే 30 మీటర్లు. ప్రతి 30 మీటర్లకు కూర్చునే చోటు ఉంటే ఆ రోజు ఆమెకు హాయిగా ఉంటుంది. లేకపోతే మధ్యాహ్నానికే మోకాళ్లు వాచిపోతాయి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆగినప్పుడు ఆమెకు ఎలాంటి విశ్రాంతి కావాలి? నడుము దగ్గర నరాలు నొక్కుకుపోయి కాళ్లు లాగేవారికి నిలబడితే ఉపశమనం ఉండదు, కూర్చుని కాస్త ముందుకు వంగితేనే తగ్గుతుంది. అలాంటివారికి గోడకు ఆనుకుని నిలబడే చోటు పనికిరాదు, కుర్చీయే కావాలి. మోకాళ్ల అరుగుదల ఉన్నవారిని ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధిస్తుంది. పైకి బాగానే వెళ్లారని సంబరపడితే, దిగేటప్పుడు మధ్యలో ఇరుక్కుంటారు. ఆయాసం వచ్చేవారికి సమతలం మీద ఇబ్బంది లేకున్నా చిన్న ఎత్తు కూడా భారమవుతుంది. ఆ ఆయాసం కొత్తగా మొదలైనా, నడిస్తే ఛాతీ బిగిసినట్టు అనిపిస్తున్నా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రయాణం తర్వాత చూసుకోవచ్చు.

బస్సు ఉచితం, మెట్లు మాత్రం కాదు

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీ శక్తి’ పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. 60 ఏళ్లు దాటినవారికి ఏపీఎస్ఆర్టీసీ 25 శాతం రాయితీ ఇస్తోంది. అంటే అమ్మకు ఉచితం, నాన్నకు ముప్పావు చార్జీ. గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. డబ్బు పరంగా ఇది మంచి సాయమే.

కానీ నిమ్మనపల్లె నుంచి కొండకు బస్సులో వెళ్లడమంటే మదనపల్లెలో దిగి మరో బస్సు ఎక్కడం. రెండు బస్సులంటే వెళ్లేటప్పుడు రెండుసార్లు ఎక్కాలి, రెండుసార్లు దిగాలి. వచ్చేటప్పుడు మళ్లీ అంతే. మొత్తం ఎనిమిదిసార్లు ఎత్తయిన మెట్ల మీద మోకాలు వంచాలి. బస్టాండులో ఒక చోటు నుంచి మరో చోటికి నడక వేరే. మన ఉదాహరణలోని తల్లికి కొండ ఎక్కేలోపే ఆ రోజు శక్తిలో పెద్ద భాగం ఖర్చయిపోతుంది. ఉచిత టికెట్ వల్ల మిగిలిన డబ్బుకు మరికొంత కలిపి మదనపల్లె నుంచి కారు మాట్లాడుకోవడం, లేదా బస్సును ఒకవైపుకే వాడుకోవడం మధ్యే మార్గం. ఒకవైపు బస్సు అనుకుంటే వెళ్లేటప్పుడే ఎక్కించండి. తిరుగు ప్రయాణానికి ఒళ్లు అలసిపోయి ఉంటుంది.

కారు అయినా ఎంపిక చూసుకోవాలి. సీటు బాగా కిందికి ఉంటే లేవడం కష్టం, బాగా పైకి ఉంటే ఎక్కడం కష్టం. నిలబడినప్పుడు ఆమె తుంటి ఎత్తుకు సీటు దగ్గరగా ఉండాలి. ముందు సీటులో కూర్చోబెడితే ఘాట్ రోడ్డు మలుపుల్లో వికారం తక్కువ. కొండ ఎక్కడం మొదలుపెట్టక ముందే ఒకసారి ఆపి, ఆమెను దించి, రెండు నిమిషాలు నిలబెట్టి, మరుగుదొడ్డి అవసరం తీర్చండి. మలుపుల మధ్య ఆపడం కుదరదు.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. దారిలో మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనని మన పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, బయలుదేరే రోజు నీళ్లు తాగడం మానేస్తారు. కొందరు బీపీకి వేసుకునే, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను కూడా ఆ పూటకు వదిలేస్తారు. నీళ్లు తాగకపోతే లేవగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆ మాత్ర వేళ మార్చవచ్చా అని డాక్టరును ముందే అడగండి. ఎక్కడెక్కడ ఆగుతామో అమ్మకు ముందే చెప్పండి. చోటు ఉందని తెలిస్తే ఆమే నీళ్లు తాగుతారు.

గది బుక్ చేసే ముందు నాలుగు ప్రశ్నలు

ఏపీ పర్యాటకాభివృద్ధి సంస్థ రిసార్ట్ హార్సిలీ హిల్స్‌పై ఉంది. అక్కడైనా, వేరే ఏ బసలోనైనా ‘పెద్దవాళ్లకు సౌకర్యంగా ఉంటుందా’ అని అడిగితే అందరూ ‘ఉంటుంది సార్’ అనే చెబుతారు. అంకెలు వచ్చేలా అడగండి. కారు గది గడప వరకు వస్తుందా, రాకపోతే ఎన్ని అడుగులు? దారిలో మొత్తం ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉందా? మరుగుదొడ్డి కుర్చీలా కూర్చునేదేనా, పక్కన పట్టుకునే కడ్డీ ఉందా? స్నానాల గది గడప ఎత్తు ఎంత? మాటల్లో తేలకపోతే గేటు నుంచి గది దాకా నడుస్తూ చిన్న వీడియో తీసి పంపమనండి. ఒక్క నిమిషం వీడియోలో అన్నీ తెలిసిపోతాయి.

ర్యాంపు ఉందని చెబితే దాని పొడవు అడగండి. మన దేశ మార్గదర్శకాల ప్రకారం వాలు 1:12 దాటకూడదు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల ర్యాంపు ఉండాలన్నమాట. ఆరంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు అడుగున్నర, ర్యాంపు 18 అడుగులు ఉండాలి. అక్కడ ఆరడుగుల ర్యాంపే కనిపిస్తే అది సామాన్ల బండి కోసం కట్టింది అనుకోండి. చక్రాల కుర్చీని దాని మీద దింపితే అదుపు తప్పుతుంది. చక్రాల కుర్చీ గుమ్మంలో సులువుగా పట్టాలంటే 90 సెంటీమీటర్ల వెడల్పు కావాలి.

కొండ మీద రోజు ఇలా

హార్సిలీ హిల్స్ ఎత్తు నాలుగు వేల అడుగులకు పైనే. మదనపల్లె కంటే అక్కడ మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. చలికి మోకాళ్లు బిగుస్తాయి కాబట్టి ఉదయం లేవగానే నడిపించవద్దు. ఎండ వచ్చి, టిఫిన్ అయ్యాక ఒక విడత, సాయంత్రం ఒక విడత చాలు.

అందరూ చూడాలనుకునేది గాలిబండ. అది సహజమైన రాతిబండ. నేల చదునుగా ఉండదు, పైగా గాలి తోస్తుంది. కర్ర పట్టుకున్నా కాలు నిలవని చోటు అది. చక్రాల కుర్చీకి అసలే కాదు. అమ్మను బండ మీదికి తీసుకెళ్లడం లక్ష్యంగా పెట్టుకోకండి. బండి ఆగిన చోటికి దగ్గరలో, లోయ కనిపించే సమతలం చూసుకుని, ఇంటి నుంచి తెచ్చిన మడత కుర్చీ వేయండి. మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా ఉపయోగపడే వస్తువు ఆ కుర్చీయే. ఆమె 30 మీటర్ల లెక్కను అది ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతుంది. చేతులు ఆనించి లేచేలా పక్క చేతులున్న కుర్చీ తీసుకోండి.

పిల్లలు బండ ఎక్కేటప్పుడు ఒకరు ఆమె దగ్గరే ఉండాలి. వంతులు ముందే వేసుకుంటే ‘నా వల్ల మీకు ఇబ్బంది’ అన్న మాట ఆమె నోటి నుంచి రాదు.

చట్టం ఏమంటోంది?

ఇంత లెక్క మనమే ఎందుకు వేసుకోవాలి? ర్యాంపు, కమ్మీ, సరైన మరుగుదొడ్డి అక్కడే ఉండాలి కదా? చట్టం కూడా అదే అంటోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వాడే భవనాలు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, అందరికీ అందుబాటులో ఉండాలి. విశ్రాంతి, వినోదం కోసం వాడే చోట్లు కూడా అందులోకి వస్తాయి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. పాత భవనాలను మార్చడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022తో ముగిసింది.

అయినా మార్పు నెమ్మదిగా ఎందుకుంది? 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అసలు లోపాన్ని ఎత్తిచూపింది. చట్టం తప్పనిసరి అంటుంటే, దాని కింద చేసిన నిబంధన ప్రమాణాలను కేవలం సూచనల్లా వదిలేసిందని చెప్పి, ఆ నిబంధనను కొట్టివేసింది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలను వేరుగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

మీకు దీనితో పనేమిటంటే, ర్యాంపు అడగడానికి మీ అమ్మకు దివ్యాంగుల సర్టిఫికెట్ అవసరం లేదు. రాయితీలు, రిజర్వేషన్లకే ఆ కాగితం కావాలి. భవనం అందుబాటులో ఉండటం అక్కడికి వచ్చే అందరికీ వర్తిస్తుంది. లోపం కనిపిస్తే ఫొటో తీసి, మెట్ల సంఖ్య, ర్యాంపు పొడవు రాసి నిర్వాహకులకు పంపండి. స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వృద్ధులకు సంబంధించిన సమాచారం కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది. ‘సౌకర్యాలు బాలేవు’ అన్న ఫిర్యాదు పక్కన పడిపోతుంది. ‘మూడు మెట్లకు ఆరడుగుల ర్యాంపు ఉంది, 18 అడుగులు ఉండాలి’ అని రాస్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.